బైక్యూబిక్ ప్యాచ్ మీద పాయింటు, నార్మల్: మొన దగ్గర నల్ల మచ్చ ఎందుకు వస్తుంది

ప్రశ్న: 4×4 కంట్రోల్ పాయింట్లతో బైక్యూబిక్ బెజియర్ ప్యాచ్‌లు గీస్తున్నాను. ఆకారం బాగానే వస్తోంది. లైటింగ్ పెట్టగానే రెండు ప్యాచ్‌లు కలిసే చోట గీత కనబడుతోంది, మొన దగ్గర నల్ల మచ్చ పడుతోంది. ప్రస్తుతానికి చుట్టూ ఉన్న త్రిభుజాల నార్మల్స్ సగటు తీస్తున్నాను. పాయింటు, నార్మల్ రెండూ సరిగ్గా లెక్కకట్టే పద్ధతి చెప్పగలరా? మొన దగ్గర ఏం చెయ్యాలి?

జవాబు:

ముందుగా త్రిభుజాల నార్మల్స్ సగటు తియ్యడం మానెయ్యండి. సమీకరణం లేని మెష్‌కి అది తప్పదు. మీ దగ్గర ఉపరితలం సమీకరణమే ఉంది కాబట్టి నార్మల్‌ని ఉజ్జాయింపుగా తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. సగటు తీసేటప్పుడు అంచు మీది పాయింటుకి ఒకవైపు త్రిభుజాలే దొరుకుతాయి, ఎందుకంటే అవతలి ప్యాచ్ త్రిభుజాలు వేరే మెష్‌లో ఉంటాయి. ఒకే పాయింటుకి రెండు ప్యాచ్‌లూ రెండు వేర్వేరు నార్మల్స్ ఇస్తాయి, అదే మీకు గీతలా కనబడుతోంది. మొన దగ్గరి మచ్చ సంగతి పూర్తిగా వేరు. అది నేరుగా లెక్క కట్టినా వస్తుంది, దానికి విడిగా మందు వెయ్యాలి. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

ముందు పాయింటు సంగతి. `P[i][j]` అనే గ్రిడ్‌లో `i` దిశ `u`కి, `j` దిశ `v`కి అని ఒకసారి నిర్ణయించుకుని, కోడ్‌లో కామెంటుగా కూడా రాసిపెట్టుకోండి. `j`ని కదలకుండా ఉంచి `i` వెంట చూస్తే నాలుగు పాయింట్లు, అంటే ఒక మామూలు క్యూబిక్ బెజియర్ వక్రరేఖ. అలాంటివి నాలుగున్నాయి. నాలుగింటినీ ఒకే `u` దగ్గర లెక్కకడితే నాలుగు పాయింట్లు వస్తాయి. వాటినే కొత్త కంట్రోల్ పాయింట్లుగా తీసుకుని `v` దగ్గర ఇంకో వక్రరేఖ లెక్కకడితే ఉపరితలం మీది పాయింటు వచ్చేస్తుంది. టెన్సర్ ప్రాడక్ట్ అంటే ఇంతే: ఒక దిశలో చేసి, వచ్చినదాని మీద రెండో దిశలో మళ్లీ అదే పని చెయ్యడం. ముందు `v` చేసి తర్వాత `u` చేసినా జవాబు మారదు.

టాంజెంట్లు కూడా అంతే సులువు. క్యూబిక్ బెజియర్ డెరివేటివ్ అంటే పక్కపక్క కంట్రోల్ పాయింట్ల తేడాలను క్వాడ్రాటిక్ బెర్న్‌స్టైన్ వెయిట్లతో కలిపి, 3తో గుణించడం. ప్యాచ్‌కి `u` దిశలో టాంజెంట్ కావాలంటే `i` దిశలో తేడాలు తీసుకోవాలి. అప్పుడు 4×4 గ్రిడ్ కాస్తా 3×4 తేడాల గ్రిడ్ అవుతుంది. `u`కి క్వాడ్రాటిక్ వెయిట్లు, `v`కి మాత్రం మామూలు క్యూబిక్ వెయిట్లు వెయ్యాలి. `v` టాంజెంట్‌కి దీన్ని తిరగెయ్యండి. ఈ రెండు టాంజెంట్ల క్రాస్ ప్రాడక్టే నార్మల్.

```python
import numpy as np

def bern(t):
    s = 1 - t
    b3 = np.array([s*s*s, 3*s*s*t, 3*s*t*t, t*t*t])
    b2 = np.array([s*s, 2*s*t, t*t])
    return b3, b2

def patch(P, u, v):      # P.shape == (4,4,3);  i -> u, j -> v
    bu, du = bern(u)
    bv, dv = bern(v)
    S  = np.einsum('i,j,ijk->k', bu, bv, P)
    Su = 3*np.einsum('i,j,ijk->k', du, bv, P[1:] - P[:-1])
    Sv = 3*np.einsum('i,j,ijk->k', bu, dv, P[:,1:] - P[:,:-1])
    return S, Su, Sv     # N = np.cross(Su, Sv)
```

ఇందులో ఒక సంగతి గమనించండి. తేడాలు ముందు తీసి, వెయిట్లు తర్వాత వేశాను. డి కాస్టెల్జో పద్ధతిలో చివరి మెట్టులో మిగిలే రెండు పాయింట్ల తేడా తీసి 3తో గుణించినా కాగితం మీద ఇదే జవాబు వస్తుంది. కానీ 32 బిట్ ఫ్లోట్‌లో, మోడల్ మూలబిందువుకి దూరంగా, అంటే కోఆర్డినేట్లు 10000 దగ్గర ఉన్నాయనుకోండి. అక్కడ పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం దాదాపు 0.001 ఉంటుంది. రెండు పెద్ద పాయింట్లను ముందు బ్లెండ్ చేసి, గుండ్రం చేసి, ఆ తర్వాత తేడా తీస్తే అందులో ఉన్న చిన్న అంకెలన్నీ పోయినట్టే. కంట్రోల్ పాయింట్ల తేడాలే ముందు తీస్తే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. కలిసిపోయిన పాయింట్ల తేడా కచ్చితంగా సున్నా వస్తుంది. మొన దగ్గరికి వెళ్లేసరికి ఇది ఎంత అక్కరకొస్తుందో చూస్తారు.

ఇప్పుడు చేత్తో ఒక లెక్క చేద్దాం. కోడ్ రాసినవాళ్లంతా ఇలాంటిది ఒకటి దగ్గర పెట్టుకుని టెస్ట్‌గా వాడాలని నా అభిప్రాయం. కంట్రోల్ పాయింట్లకి `x = i`, `y = j` పెట్టండి. `z` విలువలు ఇవి:

```
       j=0  j=1  j=2  j=3
i=0     0    0    0    0
i=1     0    8    0    0
i=2     0    8    0    0
i=3     0    0    0    8
```

`x`, `y` సమాన దూరాల్లో ఉన్నాయి కాబట్టి ఏ `u`, `v` దగ్గరైనా `x = 3u`, `y = 3v` రావాలి. అలా రాలేదంటే బెర్న్‌స్టైన్ వెయిట్లలోనే తప్పుంది, ముందుకెళ్లకుండా అక్కడే ఆగి అది సరిచేసుకోండి.

`u = v = 1/2` దగ్గర క్యూబిక్ వెయిట్లు 1/8, 3/8, 3/8, 1/8. ముందు ఒక్కో నిలువు వరసని `u` వెంట లెక్కకడదాం. `j=0` వరసలో అన్నీ సున్నాలే, `j=2` కూడా అంతే. `j=1` వరసలో 0, 8, 8, 0 ఉన్నాయి, అది 3+3 = 6 ఇస్తుంది. `j=3` వరసలో చివరి 8 ఒక్కటే ఉంది, అది 1 ఇస్తుంది. ఇప్పుడు చేతిలో ఉన్నవి 0, 6, 0, 1. వీటిని `v` వెంట కలిపితే 6×3/8 + 1×1/8 = 2.375. అంటే పాయింటు (1.5, 1.5, 2.375).

`v` టాంజెంట్‌కి ఆ నాలుగు అంకెల తేడాలే చాలు: 6, −6, 1. క్వాడ్రాటిక్ వెయిట్లు 1/4, 1/2, 1/4. కలిపితే 1.5 − 3 + 0.25 = −1.25, దాన్ని మూడుతో గుణిస్తే −3.75. కాబట్టి `Sv = (0, 3, −3.75)`.

`u` టాంజెంట్‌కి నిలువు వరసల్లోకి వెనక్కి వెళ్లాలి. `j=1` వరసలో తేడాలు 8, 0, −8. అటూఇటూ సమానంగా ఉన్నాయి, మొత్తం సున్నా. `j=3` వరసలో తేడాలు 0, 0, 8. దాన్నుంచి 2, మూడుతో గుణిస్తే 6. ఈ 6కి `v` వెయిట్ 1/8 వేస్తే 0.75. `Su = (3, 0, 0.75)`.

క్రాస్ ప్రాడక్ట్: (−2.25, 11.25, 9). ఇది (−1, 5, 4)కి 2.25 రెట్లు, కాబట్టి యూనిట్ నార్మల్ అంటే (−1, 5, 4)ని √42తో భాగించడమే: (−0.1543, 0.7715, 0.6172). నార్మల్‌కీ `Su`కీ డాట్ ప్రాడక్ట్ తీస్తే −6.75 + 6.75 = 0. `Sv`తో తీస్తే 33.75 − 33.75 = 0. లెక్క సరిపోయింది.

ఈ గ్రిడ్‌ని కావాలనే `i`, `j` మార్చితే మారిపోయేలా ఎంచుకున్నాను. చాలామంది కోడ్‌లో `i`, `j` తారుమారు అవుతాయి. నున్నటి గుండ్రటి ఆకారం మీద పరీక్షిస్తే ఆ తప్పు దొరకదు. ఇక్కడ కూడా `u = v = 1/2` దగ్గర తారుమారు చేసినా పాయింటు `z` 2.375 గానే వస్తుంది! కానీ నార్మల్ దొరకబుచ్చుకుంటుంది. పాయింట్ల `x`, `y` మాత్రం అలాగే ఉండి `u`, `v` పాత్రలు మారితే క్రాస్ ప్రాడక్ట్ గుర్తు తిరగబడి (2.25, −11.25, −9) వస్తుంది. పాయింటుని కూడా పరీక్షించాలంటే `u = 1/2, v = 1/4` వాడండి. అక్కడ `z` 2.546875 రావాలి. 1.703125 వచ్చిందంటే `u`, `v` అటూఇటూ అయ్యాయన్నమాట.

గుర్తు తిరగబడడం దానంతట అది తప్పేమీ కాదు. రెండు వైపులూ నార్మల్సే, ఏ వైపు బయట అనేది మీ ఫైల్‌లో పాయింట్లు రాసిన వరసని బట్టి ఉంటుంది. ఒకే మోడల్‌లో కొన్ని ప్యాచ్‌లు ఒకలా, కొన్ని ఇంకోలా ఉంటేనే తలనొప్పి. అప్పుడు లైటింగ్ కోడ్‌లో `abs` పెట్టి దాచెయ్యాలనిపిస్తుంది. అలా చెయ్యకండి, ప్యాచ్ లోడ్ అయ్యేటప్పుడే గ్రిడ్‌ని ఒక దిశలో తిప్పి సరిచెయ్యండి.

ఇంకో మాట, నార్మల్‌ని సులువు చేద్దామని కొందరు పదహారు కంట్రోల్ పాయింట్ల దగ్గరా ఒక్కో నార్మల్ పెట్టి, వాటిని కూడా బైక్యూబిక్‌గానే బ్లెండ్ చేస్తారు. అది అసలు నార్మల్ కాదు. `Su` డిగ్రీ (2,3), `Sv` డిగ్రీ (3,2), వాటి క్రాస్ ప్రాడక్ట్ డిగ్రీ (5,5). పదహారు పాయింట్ల బైక్యూబిక్‌లో అది పట్టదు. ఒక్కో వెర్టెక్స్ దగ్గర అసలు నార్మల్ లెక్కకట్టి, త్రిభుజం లోపల మాత్రం రెండరర్‌ని ఇంటర్‌పొలేట్ చెయ్యనివ్వండి. అక్కడ దానితో ఇబ్బంది ఉండదు.

గీత విషయం ఇక్కడితో తేల్చేద్దాం. కచ్చితమైన నార్మల్స్ పెట్టాక కూడా అంచు దగ్గర గీత ఉంటే తప్పు కోడ్‌లో ఉందో మోడల్‌లో ఉందో తేల్చుకోవడం తేలికే. ఉమ్మడి అంచు మీద ఓ పది చోట్ల రెండు ప్యాచ్‌ల నుంచీ నార్మల్ తీసి, వాటి మధ్య కోణం ప్రింట్ చేయించండి. అన్నిచోట్లా 180 డిగ్రీలు వస్తే ఒక ప్యాచ్ తిరగబడి ఉంది. సున్నాకి దగ్గరగా ఉండి, అయినా గీత కనబడుతుంటే రెండు ప్యాచ్‌లనూ వేర్వేరు సంఖ్యలో ముక్కలు చేసి ఉంటారు, అంచు మీది వెర్టెక్స్‌లు కలవడం లేదు. అలా కాకుండా రెండు మూడు డిగ్రీలు, ఇంకోచోట ఐదు డిగ్రీలు ఇలా వస్తుంటే మోడల్‌లోనే మడత ఉంది. ప్యాచ్‌లు నున్నగా కలవాలంటే ఉమ్మడి అంచుకి అటుపక్క వరస, అంచు వరస, ఇటుపక్క వరస ఒక్కో చోటా ఒకే సరళరేఖ మీద, ఒకే నిష్పత్తిలో ఉంటే సరిపోతుంది. అది లేకపోతే మీ నార్మల్ ఆ మడతని నిజాయితీగా చూపిస్తోందన్నమాట. కంట్రోల్ పాయింట్లు జరపాల్సిందే.

ఇక మొన. నాలుగు అంచుల ప్యాచ్‌తో మూత కొసలాంటిది గీయాలంటే ఒక అంచు మొత్తాన్ని ఒకే పాయింటుగా కుదించేస్తారు. అంటే `P[0][0]`, `P[1][0]`, `P[2][0]`, `P[3][0]` నాలుగూ ఒకే చోట, దాన్ని `A` అందాం. అప్పుడు `v = 0` దగ్గర `u` ఎంత మారినా పాయింటు కదలదు. కదలకపోతే `Su` సున్నా, దేనితో క్రాస్ చేసినా సున్నా. దాన్ని దాని పొడవుతో భాగిస్తే 0/0, అంటే NaN. NaN కలిసిన రంగు చాలా కార్డుల మీద నల్లగా పడుతుంది, మీ మచ్చ అదే. ఆకారంలో లోపమేమీ లేదు, టాంజెంట్ ప్లేన్ అక్కడ చక్కగా ఉండి ఉండవచ్చు. మనం ఎంచుకున్న `u`, `v` మాత్రమే అక్కడ చెల్లడం లేదు.

ఇది అరుదైన పరిస్థితి అనుకోకండి. గ్రాఫిక్స్‌లో అందరికీ తెలిసిన యూటా టీపాట్‌లోనే ఉంది. 1975లో యూటా విశ్వవిద్యాలయంలో మార్టిన్ న్యూవెల్ చేసిన ఆ టీపాట్ డేటాలో మూత మీది పిడి కొసన ఒక వరస మొత్తం (0, 0, 3.15) దగ్గర కలిసిపోయి ఉంటుంది. ఆ మోడల్‌ని మొదటిసారి లోడ్ చేసినవాళ్లలో చాలామందికి మూత నడినెత్తిన నల్ల చుక్క కనబడేది ఇందుకే.

సున్నాని సున్నాతో భాగించడం కుదరనప్పుడు లిమిట్ తీసుకోవాలి. `v = 0`కి కాస్త లోపలికి జరిగితే `Su` సున్నా కాదు. అది `v`తో పాటు పెరుగుతుంది: `Su ≈ v · Suv`. కాబట్టి క్రాస్ ప్రాడక్ట్ `v · (Suv × Sv)`. ముందున్న `v` ధన సంఖ్య, నార్మలైజ్ చెయ్యగానే పోతుంది. మిగిలేది `Suv × Sv`. మిక్స్‌డ్ డెరివేటివ్ అనగానే కంగారు పడక్కర్లేదు. అంచు వరస మొత్తం `A` కాబట్టి, `v = 0` దగ్గర `Suv` అంటే పక్క వరస, అంటే `j = 1` వరస వక్రరేఖకి టాంజెంటే. స్థిర గుణకం ఒకటి ఉంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, అంచు వరస కుదించుకుపోయిన చోట `Su` బదులు పక్క వరస `u` టాంజెంట్ వాడండి. `Sv` మాత్రం ఎప్పటిదే.

```python
def normal(P, u, v):
    S, Su, Sv = patch(P, u, v)
    du = bern(u)[1]
    if v == 0 and (P[:,0] == P[0,0]).all():
        Su = du @ (P[1:,1] - P[:-1,1])
    if v == 1 and (P[:,3] == P[0,3]).all():
        Su = du @ (P[1:,2] - P[:-1,2])
    N = np.cross(Su, Sv)
    return N / np.linalg.norm(N)
```

`u = 0`, `u = 1` అంచులకీ ఇలాగే రెండు షరతులు కలుపుకోండి, అక్కడ `Su` బదులు `Sv` మారుతుంది.

`v = 1` కేసులో గుర్తు గురించి ఒక మాట. లిమిట్‌ని గుడ్డిగా వాడి అక్కడ కూడా `Suv × Sv` రాస్తే నార్మల్ లోపలికి తిరుగుతుంది. ఎందుకంటే ఆ చివర `Su ≈ (v − 1) · Suv`, లోపలి నుంచి వచ్చేటప్పుడు `v − 1` రుణ సంఖ్య. పైన ఒకవైపు మొన బాగానే ఉండి, కింద మొన మాత్రం నల్లబడిందంటే ముందు దీన్నే అనుమానించండి. పక్క వరస టాంజెంట్ పద్ధతిలో ఈ బెడదే లేదు. `v = 1` దగ్గర `Suv` అంటే `j = 2` వరస టాంజెంట్‌కి రుణ గుర్తు, అందువల్ల రెండు రుణ గుర్తులూ వాటంతట అవే కొట్టుకుపోతాయి. నేను సూత్రంతో కాకుండా వరసతో చెప్పడానికి కారణం అదే.

టీపాట్ పిడి మీద పెట్టి చూద్దాం. కుదించుకుపోయిన వరస (0, 0, 3.15). దాని పక్క వరస (0.8, 0, 3.15), (0.8, −0.45, 3.15), (0.45, −0.8, 3.15), (0, −0.8, 3.15). వరస వెంట `u`, వరసలు దాటుతూ `v` అనుకుందాం. `u = 0` దగ్గర పక్క వరస టాంజెంట్ దిశ మొదటి రెండు పాయింట్ల తేడా, (0, −0.45, 0). `Sv` దిశ (0.8, 0, 0). క్రాస్ చేస్తే (0, 0, 0.36), నిట్టనిలువుగా పైకి. `u = 1` దగ్గర టాంజెంట్ (−0.45, 0, 0), `Sv` దిశ (0, −0.8, 0), క్రాస్ మళ్లీ (0, 0, 0.36). పక్క వరస, కొస అన్నీ 3.15 ఎత్తులోనే ఉన్నాయి కాబట్టి ఏ `u` తీసుకున్నా నార్మల్ పైకే ఉంటుంది. చుట్టూ ఉన్న నాలుగు ప్యాచ్‌లూ ఒకే జవాబు ఇస్తాయి. మీరు ఫైల్‌లోని పదహారు పాయింట్లను నేరుగా `reshape(4,4,3)` చేస్తే మాత్రం వరసల నంబరు `i` అవుతుంది, నార్మల్ కిందికి వస్తుంది. కంగారు పడకుండా `transpose(1,0,2)` చెయ్యండి.

"`v = 0` బదులు `v = 0.01` పెట్టి నార్మల్ తీసుకో, అయిపోతుంది" అనే సలహా మీకు చాలాచోట్ల కనబడుతుంది. పని జరుగుతుంది, కాదనను. దాని ఖరీదు తెలిసి వాడండి. అదే పిడి మీద `v = 0.01` దగ్గర నార్మల్ నిలువు నుంచి సుమారు 0.44 డిగ్రీలు వాలి ఉంటుంది. నాలుగు ప్యాచ్‌లూ నాలుగు వైపులకి వాలతాయి. మట్టి రంగు పూసిన వస్తువు మీద అది కనిపించదు, అద్దంలా మెరిసే మెటీరియల్ మీద కొస దగ్గర చిన్న చుక్కలా తేలుతుంది. `v`ని ఇంకా చిన్నది చేస్తే వాలు తగ్గుతుంది. కానీ షేడర్‌లో డి కాస్టెల్జోతో, 32 బిట్ ఫ్లోట్‌లో చేస్తుంటే ఇందాక చెప్పిన అంకెల నష్టం మొదలై నార్మల్ వణుకుతుంది. కచ్చితమైన జవాబు రెండు లైన్ల దూరంలో ఉన్నప్పుడు ఈ బేరం నాకు నచ్చదు.

నార్మల్ పొడవు `1e-6` కన్నా తక్కువైతే అని షరతు పెట్టడం కూడా జాగ్రత్తగా చెయ్యాలి. క్రాస్ ప్రాడక్ట్ పొడవు మోడల్ సైజుకి వర్గంగా పెరుగుతుంది. అదే వస్తువుని మీటర్ల నుంచి మిల్లీమీటర్లకి మారిస్తే ఆ పొడవు పది లక్షల రెట్లు మారుతుంది. ఒక యూనిట్‌లో పనిచేసిన హద్దు ఇంకో యూనిట్‌లో పనిచెయ్యదు. ప్యాచ్ లోడ్ చేసేటప్పుడే నాలుగు అంచులూ కుదించుకుపోయాయో లేదో ఒక్కసారి చూసి, నాలుగు ఫ్లాగులు పెట్టుకోవడం మేలు. పాయింట్లు అచ్చంగా సమానం కాకుండా దాదాపు సమానంగా ఉండే ఫైళ్లు కూడా ఉంటాయి, ముఖ్యంగా వేరే సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినవి. వాటికి ప్యాచ్ బౌండింగ్ బాక్స్ వికర్ణంతో పోల్చి చూడండి, సరిపోతే నాలుగింటినీ అక్కడే ఒకే పాయింటుగా మార్చెయ్యండి. ఆ తర్వాత పై కోడ్‌లోని `==` నిశ్చింతగా వాడుకోవచ్చు.

అన్ని మొనలకీ ఈ మందు పనిచెయ్యదు. పక్క వరస పాయింట్లు నాలుగూ, `A` కూడా ఒకే తలంలో ఉంటేనే అక్కడ ఒకే నార్మల్ ఉంటుంది. లేకపోతే అది శంకువు కొసలాంటి నిజమైన మొన. అక్కడ `u`ని బట్టి నార్మల్ మారుతూ ఉంటుంది, పై కోడ్ ప్రతి `u`కీ సరైన జవాబే ఇస్తుంది. చిక్కు వచ్చేది మీరు ఆ కొసకి ఒకే వెర్టెక్స్ పెట్టినప్పుడు. దానికి ఏ నార్మల్ ఇచ్చినా మిగతా వైపులకి తప్పే. అలాంటి చోట కొస చుట్టూ ఎన్ని త్రిభుజాలుంటే అన్ని వెర్టెక్స్‌లు పెట్టండి, అన్నీ ఒకే స్థానంలో. ఒక్కోదానికి ఆ త్రిభుజం మధ్యలో ఉండే `u` ఇవ్వండి: `n` ముక్కలైతే `k`వ దానికి `(k + 0.5)/n`. ఆ వరసలో ప్రతి చతుర్భుజంలోనూ ఒక త్రిభుజం వైశాల్యం సున్నా అవుతుంది, దాన్ని మెష్‌లో పెట్టకండి.

అంచు మొత్తం కాకుండా ఒక్క మూలే చెడిపోవడం కూడా జరుగుతుంది. `P[0][1]` వచ్చి `P[0][0]` మీద కూర్చుంటే ఆ మూల దగ్గర `Sv` సున్నా. అప్పుడు `Sv` బదులు తర్వాతి పాయింటు తేడా, `P[0][2] − P[0][0]` వాడండి. వక్రరేఖ ఆ మూల నుంచి బయల్దేరే దిశ అదే. ఇంకోటి కాస్త మోసపూరితమైనది: `Su`, `Sv` రెండూ సున్నా కావు, కానీ ఒకే రేఖ మీద ఉన్నాయి. మూల పాయింటు, దాని ఇరుగుపొరుగు రెండు పాయింట్లు ఒకే సరళరేఖలో ఉంటే ఇలా అవుతుంది. గుండ్రటి వృత్తాన్ని ఒకే ప్యాచ్‌తో గీసినవాళ్లకి నాలుగు మూలల్లోనూ ఇదే ఎదురవుతుంది. దీనికి నేను లిమిట్ సూత్రం రాయను, ప్యాచ్‌నే వేరేగా విడగొడతాను. అలాంటి మూల దగ్గర ముక్కలు కూడా సన్నగా, వంకరగా వస్తాయి కాబట్టి నార్మల్ సరిచేసినా బొమ్మ బాగుపడదు.

ఇదంతా పెట్టాక సరిచూసుకోవడానికి నార్మల్‌ని నేరుగా రంగుగా చూపించండి: `0.5*N + 0.5`. లైటింగ్‌లో దాక్కునే తప్పులు ఇందులో దాక్కోలేవు. రంగు ఒక ప్యాచ్ నుంచి ఇంకో ప్యాచ్‌కి తెగకుండా పారాలి. మొన చుట్టూ NaN మిగిలి ఉంటే వెంటనే తెలుస్తుంది. టాంజెంట్ల మీద అనుమానం ఉంటే డబుల్ ప్రెసిషన్‌లో `(S(u+h,v) − S(u−h,v)) / 2h` తీసి, `h = 1e-4` పెట్టి `Su`తో పోల్చండి. మొదటి నాలుగైదు అంకెలు కలవకపోతే డెరివేటివ్ కోడ్ తప్పు. మోడల్ మ్యాట్రిక్స్‌లో మూడు దిశలకీ సమానం కాని స్కేల్ ఉంటే నార్మల్‌కి ఇన్వర్స్ ట్రాన్స్‌పోజ్ వెయ్యడం మరవకండి. లేదా ఇంకా తేలిగ్గా, కంట్రోల్ పాయింట్లనే మ్యాట్రిక్స్‌తో మార్చేసి ఆ తర్వాత లెక్కకట్టండి. అఫైన్ మార్పుకి ప్యాచ్ లొంగుతుంది కాబట్టి అంతే కచ్చితంగా వస్తుంది.

తర్వాత ఎప్పుడైనా వెయిట్లున్న రేషనల్ ప్యాచ్‌లకి వెళ్తే పై కోడ్‌ని నాలుగు కోఆర్డినేట్లతో అలాగే నడిపించి, వచ్చిన డెరివేటివ్‌ల మొదటి మూడు అంకెలను టాంజెంట్ అనుకోకండి. అక్కడ పాయింటు `S = A/w`. ఇక్కడ `A` అంటే మొన కాదు, వచ్చిన మొదటి మూడు కోఆర్డినేట్లు; `w` నాలుగోది. టాంజెంట్ `Su = (Au − wu·S)/w`. నార్మల్ దిశకి `w`తో భాగించనక్కర్లేదు, `(Au − wu·S) × (Av − wv·S)` చాలు. కుదించుకుపోయిన అంచుకి పక్క వరస మందు అక్కడా పనిచేస్తుంది. కాకపోతే పక్క వరసని కూడా దాని వెయిట్లతో రేషనల్ వక్రరేఖగానే లెక్కకట్టి టాంజెంట్ తియ్యాలి.